23 మంది చాలట!

ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వాళ్లలో ఏ ఇద్దరి పుట్టినరోజో ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే ఉంటుందట. కచ్చితంగా చెప్పాలంటే 50.7 శాతం! దీన్ని బర్త్‌డే పారడాక్స్ అంటారు. ఇది తెలిసిన దగ్గర్నుంచీ కనపడ్డవాళ్లందరికీ చెబుతున్నాను. విన్నవాళ్లంతా ముందు అనేది ఒకటే మాట: ఏడాదికి 365 రోజులుంటే 23 మంది ఏ మూలకి? కనీసం 180 మందైనా ఉండొద్దూ?

అలా అన్నవాళ్లకి నేను 2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ చూపిస్తున్నాను. బ్రెజిల్‌లో జరిగిన ఆ పోటీకి 32 దేశాలు వచ్చాయి. ఒక్కో జట్టులో సరిగ్గా 23 మంది. అంటే ఈ లెక్కని పరీక్షించడానికి ఎవరో పనిగట్టుకుని 32 గదులు సిద్ధం చేసి పెట్టినట్టే! లెక్క నిజమైతే వాటిలో దాదాపు సగం జట్లలో పుట్టినరోజులు కలవాలి. ఎన్నింటిలో కలిశాయో తెలుసా? 16 జట్లలో. ముప్పై రెండింట్లో సరిగ్గా సగం! ఆతిథ్య జట్టు బ్రెజిల్‌లో హల్క్, పౌలీన్యో ఇద్దరూ జులై 25న పుట్టారు. అర్జెంటీనాలోనైతే ఒకటి కాదు, రెండు జంటలు. గోల్‌కీపర్ రొమేరో, ఎంజో పెరెజ్‌లది ఫిబ్రవరి 22. గాగో, అగస్టో ఫెర్నాండెజ్‌లది ఏప్రిల్ 10, పుట్టిన సంవత్సరం కూడా ఒకటే, 1986.

ఇదెలా సాధ్యం? గుట్టంతా మనం దేన్ని లెక్కపెడుతున్నామన్న దాంట్లో ఉంది. గదిలోకి చూడగానే మన కళ్లు మనుషుల్ని లెక్కపెడతాయి. కానీ పుట్టినరోజు కలిసేది ఒక మనిషికి కాదు, ఒక జంటకి. కాబట్టి లెక్కపెట్టాల్సింది జంటల్ని. మొదటివాడు మిగతా 22 మందితో పోల్చుకోవాలి. రెండోవాడికి ఇంకా పోల్చుకోనివాళ్లు 21 మంది, మూడోవాడికి 20 మంది. ఇలా చివరిదాకా కూడితే 253 జంటలు తేలతాయి. 23 మంది ఉన్న గదిలో 253 పోలికలు! ఒక్కో పోలికా నెగ్గే అవకాశం 365లో ఒకటే, నిజమే. కానీ ఆ అవకాశం 253 సార్లు వస్తోంది. మనుషులు రెట్టింపైతే జంటలు దాదాపు నాలుగింతలవుతాయి. మన ఊహకి అందకుండా పోయేది ఈ పరుగే.

అసలు లెక్క కూడా ఎంత ముచ్చటగా ఉంటుందో! కలిసే అవకాశాన్ని నేరుగా పట్టుకోబోతే చిక్కుల్లో పడతాం. అందుకని ఎవరిదీ ఎవరితోనూ కలవకుండా ఉండే అవకాశం ఎంతో చూస్తారు. గదిలోకి ఒక్కొక్కరినే పిలుద్దాం. మొదటివాళ్లకి ఇబ్బందే లేదు. రెండోవాళ్లు తప్పించుకోవాలంటే 365 రోజుల్లో 364 ఖాళీగా ఉన్నాయి. మూడోవాళ్లకి 363. ఇరవై మూడోవాళ్లు వచ్చేసరికి 343 మిగులుతాయి. ఈ భిన్నాలన్నీ వరసగా గుణించుకుంటూ పోవాలి. విడిగా చూస్తే ఒక్కొక్కటీ దాదాపు ఒకటికి సమానమే, అందరూ సులువుగా తప్పించుకునేలా ఉంటారు. కానీ గుణించిన కొద్దీ ఆ అవకాశం కరిగిపోతుంది. పదిమంది వచ్చేసరికి అందరూ తప్పించుకునే అవకాశం 88 శాతం, ఇరవై మంది వచ్చేసరికి 59, ఇరవై మూడోవాళ్లు అడుగుపెట్టగానే 49.3. సగం గీత దాటేశాం! అక్కడితో ఆగదు. 60 మంది పిల్లలున్న తరగతి గదిలో కలిసే అవకాశం 99 శాతం పైమాటే.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది ఇంకొకటుంది. ఆ 23 మందిలో మీరూ ఒకరనుకోండి. మిగతావాళ్లలో మీ పుట్టినరోజే ఉన్నవాళ్లు దొరికే అవకాశం ఎంత? 6 శాతం కూడా లేదు. ఎందుకంటే మీకున్నవి 22 పోలికలే. మీ తేదీతో కలిసే అవకాశం సగానికి చేరాలంటే ఎంతమందితో పోల్చుకోవాలో తెలుసా? 253 మందితో! అక్కడ 253 జంటలు, ఇక్కడ 253 మంది. 365లో ఒక వంతు అవకాశం సగం దాకా ఎదగాలంటే దాదాపు అన్ని పోలికలు కావాలి మరి. ఒక్క మనిషికి అన్ని పోలికలు దొరకాలంటే ఊరేగింపంత జనం కావాలి. అందరూ అందరితో పోల్చుకునే చోట 23 మందితోనే దొరికేస్తాయి. మనం ‘ఎవరైనా ఇద్దరికి’ అన్న మాట విని, లోపల మాత్రం ‘నాతో’ అని లెక్కేసుకుంటాం. 23 అన్న అంకె నమ్మబుద్ధి కానిది అందుకే.

ఈ లెక్క ఏడాదిలో అన్ని రోజులూ సమానమే అనుకుంటుంది. నిజానికి కాన్పులు కొన్ని నెలల్లో ఎక్కువ, కొన్నిట్లో తక్కువ. మన పాత తరంలోనైతే బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన జూన్ తేదీయే చాలామందికి పుట్టినరోజైపోయింది. ఇలాంటి హెచ్చుతగ్గుల వల్ల కలిసే అవకాశం పెరుగుతుందే గాని తగ్గదు. లెక్కని నిజంగా పాడుచేసేది కవలలు. ఆస్ట్రేలియా క్రికెట్ జట్టులో వా సోదరులిద్దరూ జూన్ 2న పుట్టారంటే అందులో యాదృచ్ఛికం ఏమీ లేదు!

ఇక మన క్రికెట్‌కి వద్దాం. 2023 ప్రపంచ కప్‌లో మన జట్టు 15 మందిలో జడేజా, బుమ్రా, శ్రేయస్ అయ్యర్ ముగ్గురిదీ డిసెంబర్ 6! పదిహేను మందిలో ముగ్గురు సరిగ్గా డిసెంబర్ 6నే పుట్టి ఉండే అవకాశం ఎంతని అడిగితే, లక్షకి పైగా సార్లలో ఒకసారి అని వస్తుంది. వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ డిసెంబర్ 6 అని ముందుగా ఎవరు కోరుకున్నారు? ఆ ముగ్గురిది మార్చి 13 అయినా మనం ఇంతే ఆశ్చర్యపోయేవాళ్లం కదా. ‘ఏదో ఒక తేదీన ముగ్గురు’ అని ప్రశ్న మార్చండి, దాదాపు 293లో ఒకటికి దిగుతుంది. ఆ పోటీకి పది జట్లొచ్చాయి. వాటిలో ఏ జట్టులో జరిగినా చాలనుకుంటే, 30లో ఒకటి! మనుషులు మారలేదు, తేదీలు మారలేదు. ప్రశ్న విశాలమయ్యే కొద్దీ లక్షలో ఒకటి కాస్తా ముప్పైలో ఒకటైపోయింది.

ఇంకా ఉంది. ట్రిపుల్ సెంచరీ కొట్టిన కరుణ్ నాయర్‌దీ డిసెంబర్ 6. ఫాస్ట్ బౌలర్ ఆర్‌పీ సింగ్‌దీ డిసెంబర్ 6. మన దేశానికి టెస్టులు ఆడినవాళ్లలో కనీసం ఐదుగురు! ఇదైనా మహాద్భుతం అయ్యుండాలని లెక్క చేసి చూశాను. ఇప్పటిదాకా మనకి టెస్టులాడిన మగవాళ్లు 300 మందికి పైమాటే. 300 మందిని తీసుకుంటే, ఏదో ఒక తేదీన నలుగురు పోగవడం 97 శాతం ఖాయం. ఐదుగురు పోగయ్యే అవకాశం కూడా 44 శాతం దాకా ఉంది. బొమ్మా బొరుసా వేసినదానికి కొంచెం తక్కువ, అంతే!