డబ్బా తెరిచాక టమాటాలు గిన్నెలోకే

సగం వాడిన టమాటా డబ్బా, పైన ఓ చిన్న ప్లేటు మూత. ఫ్రెండ్స్ రూముల్లో ఫ్రిజ్ తెరిస్తే ఇది చాలాసార్లు కనిపిస్తుంది. పాస్తా కోసం టమాటాలు, థాయ్ కర్రీ కోసం కొబ్బరిపాలు, ఇప్పుడు జనగామలో కూడా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నాం కదా.

అది చూసినప్పుడల్లా మా నాయనమ్మ మాట గుర్తొస్తుంది: "కళాయి పోయిన గిన్నెల పులుసు ఉంచొద్దు బిడ్డా, చిలుమెక్కుతది." ఇత్తడి పనికి పేరున్న పెంబర్తి మాకు పక్కనే. ఇత్తడి గిన్నె లోపల కళాయి అంటే పూసేది తగరం. పులుపు ఇత్తడిని తాకకుండా అది అడ్డుపడుతుంది. డబ్బాలోనూ అదే తగరం, కాకపోతే ఇక్కడ కింద ఉన్నది ఉక్కు.

సీలు వేసిన డబ్బాలో గాలి దాదాపు ఉండదు. అందుకే తగరం చాలా నెమ్మదిగా కరుగుతుంది. మూత తీయగానే ఆక్సిజన్ లోపలికి వస్తుంది, టమాటా పులుపు తోడవుతుంది, కరగడం వేగం అందుకుంటుంది. మన దేశంలో డబ్బా ఆహారంలో తగరం కిలోకు 250 మిల్లీగ్రాములు దాటకూడదు. 400 గ్రాముల డబ్బాలో సగం మిగిలిందనుకోండి, ఆ 200 గ్రాములకు హద్దు 50 మిల్లీగ్రాములు. అది బాగా దాటితే వికారం, వాంతి, కడుపునొప్పి రావచ్చు. ఒక్క రాత్రికే విషమైపోతుందన్నది మాత్రం ఉత్త మాట. ముందుగా తేడా తెలిసేది నాలుకకే, ఇనుప చెంచా నాకినట్టు ఓ రుచి.

డబ్బా ఖాళీ అయ్యాక లోపలికి ఓసారి చూడండి. వెండిలా మెరుస్తుంటే పూత లేని తగరం. తెల్లగానో బంగారు రంగులోనో ఉంటే పైన లక్క లాంటి పూత ఉన్నట్టు. అందులో లోహం తక్కువ కరుగుతుంది, చెంచాతో గీకకపోతేనే.

కొబ్బరిపాల కథ వేరు. వాటిలో పులుపు తక్కువ కాబట్టి లోహం గొడవ చిన్నది, పాడవడమే పెద్దది. చల్లదనానికి పైన మీగడ గట్టిపడితే అది చెడిపోవడం కాదు, కలిపితే సరి. పుల్లటి వాసన, బూజు, గులాబీ మచ్చ కనిపిస్తే మాత్రం పారబోయాలి. మూత లేని డబ్బా పక్కనున్న ఉల్లిగడ్డ వాసన కూడా పట్టేస్తుంది.

అందుకే తెరిచిన వెంటనే మిగిలింది గాజు సీసాలోకో మూతున్న స్టీలు డబ్బాలోకో మార్చి, తేదీ రాసి, ఫ్రిజ్ లోపలి అరలో పెట్టాలి. తలుపు అరలో వద్దు, అక్కడ చల్లదనం నిలవదు. కొబ్బరిపాలు మూడు రోజుల్లో, టమాటాలు అయిదు రోజుల్లో వాడేయండి. అప్పటికీ కావనుకుంటే కొబ్బరిపాలను ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి. కరిగాక కాస్త విరిగినట్టు కనిపిస్తాయి, కూరలో మాత్రం తేడా తెలియదు.