పిన్ని కుక్కరూ, నా రెండు పేజీలూ

పోయిన ఎండాకాలంలో కుప్పం వెళ్ళినప్పుడు మా పిన్ని అటక మీద ఒక అట్టపెట్టె కనిపించింది. లోపల కొత్త ప్రెషర్ కుక్కర్, స్టిక్కర్ కూడా ఊడలేదు. బెంగుళూరులో పనిచేసే కొడుకు సంక్రాంతికి కొనిచ్చాడట. పిన్ని మాత్రం పప్పుకి ఇంకా దబరాగిన్నె పెట్టి గంటసేపు ఉడికిస్తోంది.

"ఎందుకు పిన్నీ వాడలేదు?" అంటే దాంతో వచ్చిన పుస్తకం నా చేతిలో పెట్టింది.

"నువ్వే చదువు అమ్మణ్ణీ. మొదటి పేజీ నుంచీ పేలుద్ది, కాలుద్ది, చెయ్యొద్దు, తాకొద్దు అనే ఉంది. వంట చెయ్యమని ఎక్కడా లేదు."

చదివాను. నేను బీఏ తెలుగు. నాకే రెండుసార్లు చదివితే గానీ కొన్ని వాక్యాలు ఎక్కలేదు. "ఆవిరి నిర్గమ నాళము అవరోధరహితముగా ఉన్నదని ప్రతి వినియోగమునకు పూర్వము నిర్ధారించుకొనవలెను" అన్న తీరులో ఉంది. హెచ్చరికలన్నీ ముందు రెండు పేజీల్లో గుంపుగా ఉన్నాయి, వంట చేసే పద్ధతి ఆరో పేజీలో ఉంది. వంట దగ్గరికి వచ్చేసరికి హెచ్చరిక గుర్తుండదు, భయం మాత్రం మిగులుతుంది.

మదనపల్లె తిరిగొచ్చాక పిన్ని కోసం దాన్ని నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రెండు పేజీలుగా రాశాను. నాకు బాగా నచ్చింది కూడా. "ఇది మన పప్పుగిన్నె లాంటిదే, కాస్త మూత గట్టిగా ఉంటుంది అంతే" అని మొదలుపెట్టి, "బియ్యం, పప్పు మరీ నిండుగా వెయ్యకండి", "విజిల్ రాకపోతే కంగారు పడకండి, కాసేపు ఆగండి" అని ఆప్యాయంగా రాసుకుంటూ పోయాను.

పిన్నికి ఇచ్చేముందు పుంగనూరులో మా చెల్లెలి ఇంటికి వెళ్ళే పని పడింది. వాళ్ళ కొత్త కోడలు ఎప్పుడూ కుక్కర్ వాడలేదు, పుట్టింట్లో అన్నీ వాళ్ళమ్మే చూసుకునేది. ఆ పిల్ల చేతికి నా కాగితాలిచ్చి, "నేనేమీ చెప్పను, ఇందులో ఉన్నట్టు కందిపప్పు పెట్టమ్మా" అని పీట వేసుకుని కూర్చున్నాను.

పిల్ల భయపడలేదు, నవ్వుతూనే చేసింది. కానీ పప్పూ నీళ్ళూ కలిపి కుక్కర్లో మూడొంతులకు పైగా పోసేసింది. కాసేపటికి విజిల్ పక్క నుంచి పసుపు నురుగు చిమ్మడం మొదలైంది. వెంటనే స్టవ్ కట్టించాను. గోడా పొయ్యీ పప్పుమయం, అంతకుమించి ఏమీ కాలేదు. "అత్తమ్మా, మరీ నిండుగా వద్దన్నారు కదా, అంచుకి ఇంత ఖాళీ వదిలాను" అంది వేళ్ళు చూపించి. ఆ పిల్ల తప్పు కాదు. అసలు పుస్తకంలో "సగానికి మించరాదు" అని స్పష్టంగా ఉంది. ఆ "సగం" నాకు కటువుగా అనిపించి "మరీ నిండుగా" అని మెత్తబరిచింది నేనే.

పప్పు ఉడికేటప్పుడు నురుగు లేస్తుంది. పైన చోటు లేకపోతే ఆ నురుగు తొక్కలతో సహా ఆవిరి గొట్టంలోకి పోతుంది. గొట్టం మూసుకుంటే ఆవిరికి దారుండదు, లోపల ఒత్తిడి పెరుగుతూ పోతుంది. అందుకే కూరలూ దుంపలూ అయితే నీళ్ళతో సహా మూడింట రెండు వంతుల దాకా, పొంగే బియ్యం, పప్పులైతే సగం దాకానే.

ఆ రాత్రే అసలు పుస్తకం ముందు పెట్టుకుని, జాగ్రత్త చెప్పే వాక్యం ప్రతిదానికీ పెన్సిల్‌తో నంబరు వేశాను. పదహారు వచ్చాయి. నా కాగితాల్లో అవి ఎక్కడున్నాయో ఒక్కొక్కటే వెతికి టిక్కు పెడుతూ పోతే రెండు అసలే లేవు. ఒకటి గొట్టం చూసుకోవడం. కడుగుతారు కదా, మళ్ళీ చెప్పడం ఎందుకని వదిలేశాను. రెండోది సేఫ్టీ వాల్వు సంగతి. ఇంకో రెండు ఉన్నాయి గానీ "కాస్త", "కాసేపు" అన్న మాటల్లో కరిగిపోయాయి.

రెండోసారి రాసేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. మెత్తదనం మనిషితో మాట్లాడే తీరులో ఉండాలి, కొలతలో ఉండకూడదు. ప్రతి జాగ్రత్తనూ అది అవసరమయ్యే పనికి ముందే పెట్టి, పక్కన ఎందుకో ఒక్క మాటలో రాశాను. గొట్టం వాక్యం ఇలా మారింది:

"మూత వెలుతురుకి ఎత్తి, విజిల్ పెట్టే గొట్టంలోంచి చూడండి. అవతల వెలుతురు కనిపిస్తే దారి బాగుంది. కనిపించకపోతే పప్పు తొక్కో ఏదో అడ్డుపడినట్టు. సన్న పుల్లతో తీసి, నీళ్ళు పోసి మళ్ళీ చూడండి. వెలుతురు కనిపించేదాకా స్టవ్ వెలిగించకండి."

అసలు వాక్యం కన్నా పొడుగే. అయినా పిన్నికి ఇది చేతనైన పనిలా ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది "కంగారు పడకండి" అన్న మాట గురించే. మొదటి కాగితంలో దాన్ని పోపులో కరివేపాకులా చల్లేశాను. కొత్తవాళ్ళని భయపెట్టేవి శబ్దాలే కాబట్టి, ఏ శబ్దం మామూలో ఏది కాదో విడదీశాను. విజిల్ పెట్టకముందు గొట్టంలోంచి ఆవిరి సుయ్‌మని ధారగా వస్తుంది, అది మామూలే, అది వచ్చాకే విజిల్ పెట్టాలి. మొదటి కూత ఉలిక్కిపడేలా వస్తుంది, అదీ మామూలే, అప్పుడు మంట తగ్గించాలి.

మామూలు కానివి మూడు. మూత పక్కనుంచి ఆవిరి కారితే రబ్బరు సరిగా కూర్చోలేదు, లేదా గట్టిపడి పగిలింది. ఆవిరి ధార కట్టినా, విజిల్ పెట్టాక ఎంతకీ కూత రాకపోతే గొట్టంలో అడ్డుపడి ఉండొచ్చు. సేఫ్టీ వాల్వులోంచి ఆవిరి చిమ్మిందంటే లోపల నీళ్ళు ఇంకిపోయాయి, లేదా గొట్టం మూసుకుంది. ఎక్కువ వేడికి అందులోని లోహపు ముక్క కరిగి ఆవిరికి దారిస్తుంది. ఒకసారి కరిగితే అది పనికిరాదు, అదే కంపెనీది కొత్తది వేయించాలి. ఈ మూడింట్లో ఏదైనా చేయాల్సింది ఒకటే: స్టవ్ కట్టేసి, దూరంగా ఉండి, పూర్తిగా చల్లారనివ్వాలి. ఇక్కడ "పరవాలేదు" అని రాయలేదు, ఎందుకంటే పరవా ఉంది.

మూత తీసే దగ్గర "కాసేపు ఆగండి" కొట్టేసి, "విజిల్‌ని చెంచాతో కొద్దిగా ఎత్తి చూడండి. సుయ్‌మంటే దించేసి ఇంకా ఆగండి. ఏ శబ్దమూ లేకపోతేనే మూత తిప్పండి. మూత రాకపోతే లోపల ఇంకా ఆవిరి ఉన్నట్టే, బలం చెయ్యకండి" అని రాశాను. మళ్ళీ పదహారూ టిక్కు పెట్టుకున్నాను. రెండు పేజీలు మూడయ్యాయి.

శ్రావణంలో కుప్పం వెళ్ళి పిన్ని పక్కన నిలబడ్డాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో వాక్యం పైకి చదివి, చేసి, మళ్ళీ చదివింది. మూత వెలుతురుకెత్తి ఒంటికన్నుతో చూసి, "ఆ, రైల్వేస్టేషన్ దాకా కనిపిస్తాంది" అని నవ్వింది. మొదటి కూతకి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది గానీ రెండో చేత్తో తనే మంట తగ్గించింది.

మూత తీశాక పప్పు నలిపి చూసి, "అమ్మణ్ణీ, ఇంతకీ ఎన్ని కూతలు రావాలో రాయలేదే?" అంది.

నిజమే. పదహారు జాగ్రత్తలూ లెక్కపెట్టుకుని, కందిపప్పుకి ఎన్ని కూతలో మర్చిపోయాను. పెన్ను తీసి, కింద పిన్ని చేతే రాయించాను.