నడిమి ఊరు

నా ఉద్యోగం చెన్నపట్నంలో. మా ఆవిడ పంతులమ్మగా ఉన్నది బరంపురంలో. నడుమ వెయ్యి కిలోమీటర్లకు పైగా రైలుదారి. నెలకో ఆదివారం ఎక్కడ కలుసుకోవాలన్నదే మా సంసారంలో పెద్ద చర్చ.

మొదట విశాఖపట్నం అనుకున్నాం. సముద్రం ఉన్నది, సరదా ఉన్నది. ఆమెకు సుమారు 280 కిలోమీటర్లు, నాకు 780. పోనీలే అని ఓర్చుకున్నాను. కాని అక్కడ మా పిన్నత్తగారున్నారు. వెళ్ళకపోతే నిష్ఠూరం, వెళితే భోజనం చేయనిదే పంపరు. చేతిలో ఉన్న పది గంటల్లో అయిదు ఆవిడ వసారాలోనే గడిచాయి. మేమిద్దరం మాట్లాడుకున్నది ఆటోలో! పైగా సోమవారం నేను ఆఫీసుకు ఆలస్యం.

"ఈసారి చుట్టాలు లేని ఊరు చూడండి" అన్నది మా ఆవిడ.

రాజమండ్రి తేలింది. ఆమెకు 480, నాకు 580. శనివారం రాత్రి బండెక్కితే ఇద్దరమూ ఆదివారం ఉదయానికి దిగుతాం. ఆ రాత్రికి మళ్ళీ ఎక్కితే సోమవారం ఎవరి పనికి వారు. నిద్ర రెండు రాత్రులూ బండిలోనే గనుక గది ఒక్క పగటికి చాలు. స్టేషనులో విశ్రాంతి గది 12 గంటల లెక్కన దొరికిందా, మరీ చవక. టిక్కెట్ల ఖర్చు కలిపి చెరిసగం వేసుకుంటాం.

ఒకటే చిక్కు. ఆమె ఎక్కేది హౌరా నుంచి వచ్చే బండి. మొన్న మూడు గంటలు ఆలస్యం. నేను రేవులో కూర్చుని, 1997లో రైళ్ళు ఆగిన పాత హేవలాకు వంతెన స్తంభాలు లెక్కపెట్టాను. ఆకలికి ఆగలేక ఇడ్లీ కూడా తిన్నాను.

దిగీ దిగగానే "టిఫిను చేశారా?" అన్నది.

లేదన్నాను.