బల్బు ప్రశ్న దగ్గర తెల్లారింది

పదో తరగతి క్విజ్ అయ్యాక, మండలంలోని బడులకు పంచే కీ రాసే పని నా చేతికొచ్చింది. ప్రశ్న సంఖ్య, పక్కన అక్షరం వేసి పంపితే చాలన్నారు పై నుంచి. పొద్దున్నే జిరాక్సుకు వెళ్ళాలి. అక్షరం చూసుకుని పిల్లలు మార్కులు లెక్కపెట్టుకుంటారు, అంతే. అయినా వివరణలతోనే ఇస్తానని పట్టుబట్టాను.

చాలా ప్రశ్నలు రెండేసి వాక్యాల్లో తేలిపోయాయి. ఒకటి మాత్రం కదలనివ్వలేదు. 220 వోల్టుల 60 వాట్ల బల్బునీ, 100 వాట్ల బల్బునీ శ్రేణిలో కలిపి 220 వోల్టులిస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది? జవాబు 60 వాట్లది. మా పిల్లల పత్రాలు తిరగేస్తే ఎక్కువమంది 100 వాట్లదే గుర్తించారు.

మొదట లెక్క రాశాను. R = V²/P ప్రకారం 60 వాట్ల బల్బు నిరోధం సుమారు 807 ఓంలు, 100 వాట్లది 484 ఓంలు. శ్రేణిలో కరెంటు ఒకటే కనుక నిరోధం ఎక్కువున్నదే ఎక్కువ వెలుగుతుంది. మా అమ్మాయికి చూపించాను. "లెక్క సరేనమ్మా, మరి ఇళ్ళల్లో పెద్ద వాట్ల బల్బే కదా బాగా వెలిగేది?" అంది. పిల్లల్ని తప్పుదారి పట్టించిన ఆలోచనను నా వివరణ ముట్టుకోనే లేదు. కొట్టేశాను.

ఈసారి వాళ్ళు పెట్టిన జవాబు దగ్గరే మొదలుపెట్టాను. "మీరు 100 వాట్లు అనుకోవడానికి కారణం ఉంది. ఇంట్లో బల్బులన్నీ సమాంతరంగా ఉంటాయి, ప్రతిదానికీ 220 వోల్టులు అందుతాయి. బల్బు మీద అచ్చేసిన వాట్లు ఆ 220 వోల్టులకే చెల్లుతాయి. ఇక్కడ రెండూ ఆ 220 వోల్టుల్ని పంచుకుంటున్నాయి. 60 వాట్లదానికి దాదాపు 137 వోల్టులు, 100 వాట్లదానికి 83 వోల్టులు. వాడుకునేది వరుసగా 23 వాట్లు, 14 వాట్లు."

అర్ధరాత్రి దాటాక ఇంకో చిక్కు తట్టింది. ఈ పిల్లల ఇళ్ళల్లో ఉన్నవి ఎల్‌ఈడీలు. వాటి లోపల వేరే సర్క్యూట్ ఉంటుంది, ఈ లెక్క వాటికి కుదరదు. పైగా ఫిలమెంటు వేడి తగ్గితే నిరోధమూ తగ్గుతుంది, కాబట్టి నా అంకెలు ఉజ్జాయింపే. ఏది ఎక్కువ వెలుగుతుందన్నది మాత్రం మారదు. ఈ లెక్క ఫిలమెంటు బల్బులకే అని, అంకెలు ఉజ్జాయింపని చేర్చాను. చివర ఒక చిన్న ప్రశ్న పెట్టాను: ఇవే బల్బుల్ని సమాంతరంగా కలిపితే? దీనికి జవాబు మార్చి చెప్పగలిగినవాడికే వివరణ అందినట్టు.

కాకులు అరిచే వేళకు కీ ముగిసింది. వివరణ మరీ పొడుగైందని జిరాక్సు దగ్గర విసుక్కున్నారు. కీ రాసే తోటి టీచర్లకు నా విన్నపం ఒక్కటే: పెన్ను పట్టేముందు పిల్లలు ఎక్కువగా గుర్తించిన తప్పు జవాబేదో పత్రాల్లో చూడండి.