కంతులు తీరాక బండి ఎవరిది?

పులివెందుల వైపు చీనీ తోట ఉన్న రైతుకు పంట అమ్మడానికి రెండు దారులుంటాయి. కాయ చెట్టు మీద ఉండగానే వ్యాపారిని పిలిపించి, తోట మొత్తానికి ఒక ధర మాట్లాడుకుని అడ్వాన్సు పుచ్చుకోవడం ఒకటి. కాయ కోసి, ఆ రోజు టన్ను ఎంత పలికితే అంతకు అమ్ముకోవడం రెండోది. మొదటి దారిలో రేటు పడినా లేచినా వ్యాపారి చూసుకుంటాడు. రెండో దారిలో ఆ బరువంతా రైతు మీదే ఉంటుంది. ఏది మంచిదని అడిగితే నాకు తెలిసిన ఏ రైతూ ఒక్క మాటలో చెప్పడు. ముందు కాయ సైజు అడుగుతాడు, నీళ్లు ఎన్నాళ్లుంటాయని అడుగుతాడు, చేతిలో డబ్బు అవసరం ఎంతుందో అడుగుతాడు.

యంత్రం లీజుకు తీసుకునేవాళ్లు కూడా ఇంత నింపాదిగా ఆలోచిస్తే బాగుండునని అనిపిస్తుంది. వాళ్ల ముందూ ఇవే రెండు దారులు. లీజు ముగిశాక యంత్రాన్ని ఫలానా మొత్తానికి కొనుక్కోవచ్చని మొదటిరోజే కాగితం మీద రాసుకోవడం ఒకటి. ఆ రోజు మార్కెట్లో దాని విలువ ఎంత ఉంటే అంతకు కొనుక్కోవడం మరొకటి. కానీ సంతకం పెట్టే రోజు అందరి కళ్లూ నెల కంతు మీదే ఉంటాయి. నాలుగేళ్ల తర్వాతి మాట ఎవరికీ పట్టదు.

జమ్మలమడుగు చుట్టుపక్కల బండల గనుల్లో పనిచేసే ఎక్స్‌కవేటర్‌నే తీసుకుందాం. అక్కడి పాలిషింగ్ యూనిట్లకు నల్ల సున్నపురాయిని పొరలు పొరలుగా లేపి ఇచ్చేది ఈ బండే. ధర 60 లక్షలనీ, లీజు 48 నెలలనీ, లీజు కంపెనీ తన డబ్బు మీద నూటికి నెలకు రూపాయి వడ్డీ ఆశిస్తుందనీ అనుకుందాం. లెక్క తేలికగా ఉండడానికి జీఎస్టీని పక్కన పెడదాం.

మొదటి కాగితంలో చివరి ధర 6 లక్షలని ఖరారు చేశారు. అప్పుడు నెల కంతు సుమారు 1,48,200 రూపాయలు వస్తుంది. రెండో కాగితంలో చివరి ధర అప్పటి మార్కెట్ విలువ అని మాత్రమే రాశారు. ఇందులో కంతు 1,28,600. నెలకు 19,600 తేడా. చూసినవాళ్లు రెండో కాగితం చవక అనేస్తారు. అది చవకా కాదా అన్నది 48వ నెల దాటితే గానీ తేలదు.

ఆ 19,600 ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు విషయం. రెండో కాగితం రాసినవాళ్లు నాలుగేళ్ల తర్వాత ఈ బండి 18 లక్షలు పలుకుతుందని తమలో తాము ఒక అంచనా వేసుకున్నారు. ఆ 18 లక్షలూ చివర్లో వస్తాయి కాబట్టి అంతమేరకు కంతు తగ్గించారు. ఈ అంకె ఒప్పందంలో ఎక్కడా కనబడదు. వాళ్లు చెప్పరు కూడా. కానీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే మనమే దాన్ని పట్టుకోవచ్చు. నెలనెలా మిగిలే 19,600ను అదే రూపాయి వడ్డీకి 48 నెలలు వేసుకుంటూ పోతే చివరికి 12 లక్షలవుతుంది. దానికి ఖరారు ధర 6 లక్షలు కలిపితే 18. కాబట్టి నాలుగేళ్ల నాటికి బండి 18 లక్షలకంటే ఎక్కువ పలికితే మొదటి కాగితం తీసుకున్నవాడికి లాభం, తక్కువ పలికితే రెండోదానివాడికి లాభం. ఖరారు ధరలో ఎవరూ ఎవరికీ దానం చేయలేదు. ఆ రక్షణకు ప్రతి నెలా కంతులో డబ్బు కడుతూనే ఉంటాం.

ఇందుకే లీజు కోసం వెళ్లినవాళ్లు రెండు రకాలకూ ధర అడగాలని నేను గట్టిగా చెబుతాను. ఒక్క కాగితమే చేతిలో ఉంటే ఆ దాగిన అంకె ఎప్పటికీ బయటపడదు.

మన ఊళ్ల సంగతి ఇంకొకటి ఉంది. లీజు కంపెనీ రూపాయి వడ్డీ లెక్క వేసుకున్నా, గని నడిపేవాడు బయట తెచ్చుకున్న అప్పు రెండు రూపాయలది కావచ్చు. అతను మిగిలిన 19,600తో ఆ అప్పు తీర్చుకుంటూ పోతే అతనికి చివరికి 12 లక్షలు కాదు, పదిహేనున్నర లక్షల లాభం. అంటే బండి ఇరవై ఒకటిన్నర లక్షలు పలికితే గానీ అతనికి రెండు కాగితాలూ సమానం కావు. చేతిలో డబ్బు ఆడనివాడికి తక్కువ కంతు నిజంగానే విలువైనది. దాన్ని దురాశ అనడానికి లేదు. అయితే ఆ మిగులు అప్పు తీర్చడానికే పోవాలి. ఇంటి ఖర్చులో కలిసిపోతే ఈ లెక్క నిలవదు.

ఇక బండి నిజంగా ఎంత పలుకుతుంది? ఎక్స్‌కవేటర్‌కు కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. గనివాళ్లు, రోడ్డు కాంట్రాక్టర్లు, చెరువు పూడిక తీసేవాళ్లు, అందరికీ అది కావాలి. కొనడానికి వచ్చినవాళ్లు ముందు గంటల మీటరు చూస్తారు. నెలకు 200 గంటలు తిరిగితే నాలుగేళ్లకు 9,600 గంటలు. తర్వాత కింద వంగి ట్రాక్ చైన్, రోలర్లు ఎంత అరిగాయో చూస్తారు. ఆ తర్వాత అడిగేది బ్రేకర్ కొట్టిన బండా అని. రాయి పగలగొట్టే బ్రేకర్ తగిలించి నడిపితే ఆ అదురంతా బూమ్‌కూ పిన్నులకూ హైడ్రాలిక్ పంపుకూ పోతుంది. మట్టి తవ్విన బండికీ, రాయి కొట్టిన బండికీ గంటలు సమానంగా ఉన్నా ధర సమానం కాదు.

మార్కెట్ విలువకు సంతకం చేసిన గనివాడు ఇక్కడే ఒక మాట అనుకుంటాడు. బండి అరిగితే ధర తగ్గుతుంది కదా, తగ్గిన ధరకే కొనుక్కుంటాను అని. ఒప్పందం చదివితే ఆ ఆశ చాలాసార్లు నిలబడదు. మార్కెట్ విలువ కట్టేటప్పుడు యంత్రాన్ని లీజు షరతుల ప్రకారం బాగా చూసుకున్నట్టే భావించాలని అందులో ఒక వాక్యం ఉంటుంది. అంటే బండి ఎలా ఉందో చూసి కాదు, ఎలా ఉండాల్సిందో ఊహించి ధర కడతారు. పోనీ కొనకుండా తిరిగి అప్పజెబుదామంటే అరిగిన చైన్‌కూ రోలర్లకూ విడిగా డబ్బు అడుగుతారు. అందుకే రాయి కొట్టే పనికి, కొనేవాళ్లు ఎప్పుడూ ఉండే ఇలాంటి బండికి, నా ఓటు ఖరారు ధరకే. అది దొరక్కపోతే మార్కెట్ విలువకే ఒక గరిష్ఠ పరిమితి రాయించుకోవాలి. 18 లక్షలకు మించకూడదన్న ఒక్క ముక్క చాలు.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దారిలో కనిపించే పాలిషింగ్ యూనిట్ల కథ పూర్తిగా వేరు. బండ కోసే యంత్రం, పాలిష్ పట్టే యంత్రం కాంక్రీటు పునాదిలో దిగి ఉంటాయి. నీళ్ల గొట్టాలు, కరెంటు లైన్లు వాటి కోసమే వేసినవి. అలా నిలబడి తిరుగుతున్న యంత్రానికి, తీసుకున్నవాడి దృష్టిలో చాలా విలువ ఉంటుంది. అదే యంత్రాన్ని బోల్టులు విప్పి, క్రేన్‌తో ఎత్తి లారీలో వేశాక బయటివాడు ఇచ్చేది అందులో కొంతే. మార్కెట్ విలువ అన్న మాట ఈ రెండింటిలో దేన్ని చెబుతోంది? ఉన్నచోట పనిచేస్తున్న విలువా, విప్పి తీసుకుపోతే వచ్చే విలువా? ఒప్పందం చెప్పకపోతే యజమాని మొదటిది అంటాడు, లీజుదారు రెండోది అంటాడు. గొడవ మొదలయ్యేనాటికి యంత్రం మీద కుటుంబమంతా బతుకుతుంటుంది, విప్పి పంపేయగలిగే స్థితి ఉండదు. బేరానికి కూర్చున్నప్పుడు లేచి వెళ్లిపోలేనివాడికి బలం ఉండదు. పునాదిలో దిగే ప్రతి యంత్రానికీ, విప్పి తీసుకెళ్లే ఖర్చు పోగా వచ్చే విలువే లెక్క అని ముందే రాయించుకోవాలి. ఆ విలువ ఎవరు కట్టాలో, కుదరకపోతే మూడో మనిషిని ఎవరు ఎంచుకోవాలో కూడా రాయించుకోవాలి. ఇవి ఒప్పుకోని కంపెనీతో ఖరారు ధరకు పోవడమే మేలు.

ప్రొద్దుటూరులో ఒక చిన్న స్కానింగ్ సెంటర్‌కు అల్ట్రాసౌండ్ యంత్రం కావాలంటే మాత్రం నేను మార్కెట్ విలువ వైపే మొగ్గుతాను. ఐదేళ్లు తిరిగేసరికి కొత్త ప్రోబులు, స్పష్టమైన బొమ్మ ఇచ్చే మోడల్ వస్తుంది. డాక్టరు దాన్నే కోరతాడు. పాతదాన్ని కొనేవాళ్లూ తక్కువే. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం కింద, రిజిస్టరు కాని కేంద్రానికి అల్ట్రాసౌండ్ యంత్రాన్ని అమ్మడం గానీ అద్దెకివ్వడం గానీ కుదరదు. ఇంత ఇరుకైన మార్కెట్లో చివరి ధర తక్కువే ఉంటుంది, అసలు కొనాల్సిన అవసరమే రాకపోవచ్చు. వద్దనుకునే యంత్రానికి ఖరారు ధర హక్కు కోసం నెలనెలా ఎక్కువ కట్టడం దేనికి? పైగా వైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉండడంతో కంతు మీద కట్టిన పన్ను ఆస్పత్రికి క్రెడిట్‌గా తిరిగి రాదు. కంతు పెరిగితే ఆ పన్నూ సొంత ఖర్చుగా పెరుగుతుంది.

ఇంతా చెప్పాక ఒక చేదు నిజం చెప్పాలి. మన దేశంలో చాలా లీజు ఒప్పందాల్లో కొనుక్కునే హక్కు అసలు రాసి ఉండదు. “చివర్లో మీకే ఇచ్చేస్తాం అన్నా, ఏదో ఒక శాతం కట్టండి చాలు” అన్న ఏజెంటు మాటే ఉంటుంది. దీని వెనుక పన్ను లెక్క ఉంది. కొనుక్కునే హక్కు రాస్తే ఆ ఒప్పందాన్ని హైర్ పర్చేజ్‌గా చూసి, తరుగుదల మినహాయింపు వాడుకునేవాడికి ఇవ్వాలన్న ఆదాయపు పన్ను సర్క్యులర్ 1943 నుంచీ ఉంది. ఆ మినహాయింపును కంపెనీ వదులుకోదు.

ఒక శాతం మాట సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. వాహనాలు లీజుకిచ్చే ఐసీడీఎస్ అనే కంపెనీ కేసులో 2013 జనవరిలో తీర్పు వచ్చింది. లీజు ముగిశాక అసలు ధరలో 1 శాతానికి మించని నామమాత్రపు మొత్తానికి వాహనం లీజుదారుకు వెళ్తుంది కాబట్టి కంపెనీ యజమాని కాదు, వట్టి ఫైనాన్షియరేనని పన్ను శాఖ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. లీజు నడిచినంతకాలం హక్కు కంపెనీ దగ్గరే ఉందని, తరుగుదలను కంపెనీకే ఇచ్చింది. కోర్టు ఆ నిర్ణయానికి వచ్చింది ఒప్పందంలోని షరతులను ఒక్కొక్కటీ చదివే. కాబట్టి ఏజెంటు నోటిమాటను కనీసం కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరంగానైనా తెచ్చుకోవాలి. మన ఆడిటరుకు లీజు అయ్యాక కాదు, సంతకానికి ముందే చూపించాలి. చివరి ధర మరీ నామమాత్రమైతే అకౌంటింగ్ ప్రమాణాలు దాన్ని ఫైనాన్స్ లీజుగానే చూస్తాయి. అప్పుడు యంత్రం, దాని అప్పు రెండూ మన బ్యాలెన్స్ షీట్‌లోకి ఎక్కుతాయి. రేపు బ్యాంకు దగ్గరకు వేరే అప్పుకు వెళ్లినప్పుడు మేనేజరు అదీ చూస్తాడు.

ఇవన్నీ సరిగ్గా చూసుకున్నవాళ్లు కూడా తేదీ దగ్గర దెబ్బతింటారు. కొంటున్నామో, తిరిగిస్తున్నామో గడువుకు ఇన్ని నెలల ముందే రాతపూర్వకంగా చెప్పాలని ఒప్పందం అడుగుతుంది. మూడు నెలలని రాసి ఉంటే, 45వ నెల ముగిసేలోగా ఉత్తరం వెళ్లాలి. వెళ్లకపోతే లీజు తనంతట తానే పొడిగింపులోకి పోయే షరతు కూడా పక్కనే ఉంటుంది. మన ఎక్స్‌కవేటర్ రెండో కాగితం మీద మరో మూడు నెలలు సాగితే పోయేది 3,85,800 రూపాయలు. అందులో ఒక్క రూపాయి కూడా చివరి ధరలోంచి తగ్గదు. ఆ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, రసీదును లీజు ఫైల్లోనే కుట్టి పెట్టుకోవాలి.