అరుంధతీ వసిష్ఠులును, కన్నుల హద్దును

ఏప్రిల్, మే మాసములలో రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున ఉత్తరదిక్కునకు తిరిగి నిలిచినచో సప్తర్షి మండలము చక్కగ కానవచ్చును. తోక చివరనుండి రెండవ నక్షత్రము వసిష్ఠుడు. దానిని తాకుచున్నట్లుండు చిన్న చుక్క అరుంధతి. మన దేశమున పెండ్లినాడు వధూవరులకు ఈ చుక్కను చూపుట ఆచారము. ముహూర్తము పట్టపగలైనచో పురోహితుడు ఆకాశమువంక వ్రేలు చూపుటయు, వారు తల యూపుటయు జరుగును గాని, రాత్రివేళ నిజముగా చూచినవారికి అది కష్టసాధ్యమేమియు కాదు. పాశ్చాత్యులు వసిష్ఠుని మీజార్ అనియు, అరుంధతిని ఆల్కార్ అనియు పిలుతురు.

ఈ జంట మా తరగతికి మిక్కిలి యుపకరించినది. రెండు వస్తువులు ఎంత దగ్గరకు వచ్చినపుడు మన కంటికి ఒక్కటిగా తోచును, ఎందువలన తోచును అను ప్రశ్నకు ఆ ఒక్క చోటనే సోపానములుగా సమాధానములు దొరకును.

మొదట కొలతను చెప్పవలెను. వృత్తములో 360 భాగలు. భాగలో అరువదవ వంతు కళ. కళలో అరువదవ వంతు వికళ. రెండు గీతలను ఒక మిల్లీమీటరు ఎడముతో గీచి మూడున్నర మీటర్ల దూరమునుండి చూచినచో ఆ యెడము సుమారు ఒక కళ యగును. చంద్రబింబము వెడల్పు 31 కళలు. అరుంధతీ వసిష్ఠుల ఎడము దాదాపు 12 కళలు, అనగా చంద్రబింబములో మూడవ వంతునకు మించినది. ఆరోగ్యవంతమైన కన్ను ఒక కళ యెడమును గుర్తింపగలదు గనుక ఇది సులభమే. ఇంత యెడమును విడదీయలేని విద్యార్థికి కావలసినది పాఠము కాదు, కండ్లజోడు.

ఒక కళ యను నీ హద్దు ఎచ్చటనుండి వచ్చినది? కొంత కనుపాప వలన, కొంత కంటి లోపలి తెరవలన. కనుపాప సంగతి చూతము. వెలుగు తరంగరూపమైనది. అది ఒక గుండ్రని ద్వారముగుండ పోవునపుడు కొంత చెదరిపోవును. దీనినే వివర్తన మందురు. నక్షత్రము ఎంత దూరమున నున్న బిందువైనను, కటకము దాని ప్రతిబింబమును బిందువుగా నిలుపజాలదు. నడుమ ఒక చిన్న బిళ్ల, దాని చుట్టును ఒక చీకటి వలయము, దానికి వెలుపల మసకవెలుగు వలయములు ఏర్పడును. బిళ్ల నడిమికి ద్వారముయొక్క అన్ని భాగములనుండి వచ్చు తరంగములు అడుగు కలిపి చేరును గనుక అచ్చట వెలుగు హెచ్చు. ప్రక్కకు జరిగినకొలది ద్వారపు ఒక అంచునుండి వచ్చు తరంగము రెండవ అంచునుండి వచ్చుదానికంటె వెనుకబడును. చదరపు ద్వారమైనచో ఆ వెనుకబాటు సరిగా ఒక తరంగదైర్ఘ్యమైన చోట అన్నియు ఒండొంటిని కొట్టివేసికొని చీకటి యగును. గుండ్రని ద్వారమునకు అంచులవద్ద వెడల్పు తక్కువ గనుక అచ్చటినుండి వచ్చు వెలుగు కొంచెము. అందుచేత ఇంకను కొంత ప్రక్కకు పోవలెను. ఆ లెక్కను 1835లో జార్జి ఎయిరీ అను ఆంగ్ల జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు కట్టెను. ఒకటికి బదులు 1.22 వచ్చినది.

పిమ్మట 1879లో రేలీ ప్రభువు ఒక ఏర్పాటు చెప్పెను. ఒక నక్షత్రపు బిళ్ల నడిమి రెండవ నక్షత్రపు మొదటి చీకటి వలయముపై పడినంతవరకు రెంటిని వేరుగా చూడవచ్చును. అంతకంటె చేరువైనచో ఒక్కటే. అనగా

θ = 1.22 λ / D

ఇందు λ తరంగదైర్ఘ్యము, D ద్వారముయొక్క అడ్డుకొలత. ఆకుపచ్చని వెలుగునకు λ మిల్లీమీటరులో 0.00055 వంతు. దీనిని వికళలలోనికి మార్చినచో జ్ఞాపకముంచుకొనదగిన సూత్రమొకటి వచ్చును: 138ని ద్వారపు మిల్లీమీటర్లతో భాగింపుడు, వచ్చినది వికళలు.

ఇది ప్రకృతి వ్రాసిన గట్టు కాదు. ఆ హద్దువద్ద రెండు బిళ్లల నడుమ వెలుగు శిఖరములకంటె నాలుగవ వంతు తగ్గును, ఆ పల్లమును కన్ను పోల్చుకొనగలదని రేలీ యెంచిన మర్యాద మాత్రమే. ఆయనకు పూర్వమే విలియం డాస్ అను క్రైస్తవ బోధకుడు అనేక జంట నక్షత్రములను స్వయముగా పరిశీలించి, 138కి మారుగా 116 చాలునని అనుభవముమీద చెప్పియుండెను. లెక్క కట్టినవానికంటె రాత్రులు మేల్కొన్నవాడు కొంచెము ఎక్కువ చూచెనన్నమాట.

ఇప్పుడు కనుపాపకు లెక్క వేయుడు. పగటివేళ అది 2 మిల్లీమీటర్లుండగా 69 వికళలు. 3 మిల్లీమీటర్లుండగా 46. చీకటిలో 6 మిల్లీమీటర్లు తెరచుకొనగా 23. అట్లయినచో రాత్రిపూట కన్ను మిక్కిలి సూక్ష్మముగా చూడవలెను గదా? చూడదు. కనుపాప విశాలమైనపుడు కంటికటకపు అంచులలోని వంకరలు బయటపడి ప్రతిబింబమును చెరచును. మరియు తెరమీద, సూక్ష్మదృష్టి గల నడిచోటున, వెలుగును గ్రహించు శంకువులు ఒక్కొక్కటి సుమారు అరకళ ఎడముతో నాటబడియున్నవి. రెండు చుక్కలు వేరని తెలియుటకు వెలుగు పడిన రెండు శంకువుల నడుమ ఒకటైనను చీకటిలో నుండవలెను. రెండు అరకళలు కూడి ఒక కళ. కనుపాపయు తెరయు ఒకదానికొకటి ఇంచుమించు తగినట్లుండుట గమనింపదగినది.

ద్వారమే హద్దు నేర్పరచుననుటకు మా తరగతిలో పైసా ఖర్చులేని పరీక్ష యొకటి చేయింతుము. తెల్లకాగితముపై మిల్లీమీటరు ఎడముతో రెండు నల్లగీతలు గీచి యెండ తగులు గోడకు అంటింతుము. పిల్లలు మూడు మీటర్ల దూరమునుండియు రెండని చెప్పుదురు. పిమ్మట గట్టి కాగితములో సూదిమొనతో అరమిల్లీమీటరు రంధ్రము పొడిచి, దానిని కంటికి ఆనించి చూడుమందుము. గీతలు కలిసిపోవును. మెల్లగ ముందునకు నడచినచో మీటరు దూరమునకు లోపల వచ్చిన పిమ్మట మరల విడును. లెక్క ప్రకారము 138ని అరతో భాగించిన 276 వికళలు, అనగా నాలుగున్నర కళలు. మిల్లీమీటరు ఎడము అంత కోణమగుటకు 75 సెంటీమీటర్ల దూరముండవలెను. సరిగా అంతయే రానవసరము లేదు. సూత్రము చుక్కలకు, ఇవి గీతలు. రంధ్రపు కొలతయు అందాజే. కండ్లజోడు పెట్టుకొను పిల్లలు జోడు లేక ఈ రంధ్రముగుండ చూచినచో, జోడు లేనప్పటికంటె స్పష్టముగా కనుపించుచున్నదని వాదించుటయు కలదు. వారన్నది నిజమే. దృష్టిదోషపు మసకను రంధ్రము తగ్గించును. వివర్తనపు మసకను హెచ్చించును. ఏది ఎక్కువ దోషమో దానిని బట్టి ఫలము.

వసిష్ఠునికడకు మరల పోదము. దూరదర్శినితో చూచినచో ఆ ఒక్క నక్షత్రమే రెండు నక్షత్రములు. వాని ఎడము 14 వికళలకు కొంచెము పైన. కంటి హద్దు అరువది గనుక ఎంతటి చూపుగలవాడైనను దీనిని వట్టికంటితో చూడజాలడు. దీనిని 1617లో ఇటలీదేశమున బెనెడెట్టో కాస్టెల్లి గెలీలియోకు ఎరిగింపగా, ఆయన తన దూరదర్శినితో చూచి ఎడము 15 వికళలని వ్రాసికొనెను. ఆ కాలపు పరికరముతో ఇంత దగ్గరగా కొలిచినందుకు మనము ముక్కుపై వ్రేలు వేసికొనవలసినదే. కాని పెద్ద నక్షత్రపు బిళ్ల వ్యాసార్ధము 3 వికళలని కూడ ఆయన వ్రాసెను. అది నక్షత్రదేహము కాదు. ఆయన కటకపు గుండ్రని ద్వారము కల్పించిన బిళ్ల. తరంగముల సంగతి నాడెవ్వరికిని తెలియదు. ఆ బిళ్ల నిజమనుకొని, వసిష్ఠుడు సూర్యునంతటివాడే యనుకొని, సూర్యునికంటె 300 రెట్లు దూరమున నున్నాడని ఆయన లెక్క కట్టెను. నిజమునకు ఆ దూరము ఏబది లక్షల రెట్లకు పైమాట.

14 వికళలను విడదీయుటకు సూత్రము ప్రకారము ఒక సెంటీమీటరు కటకమే చాలును. అయినను 50 మిల్లీమీటర్ల కటకములుగల రెండుకండ్ల దుర్భిణితో చూచినను రెండని చెప్పుట కష్టము. కటకము విడదీయకపోలేదు, ఏడు రెట్లే పెద్దది చేయును గనుక 14 వికళలు కంటికి 100 వికళలుగా మాత్రమే అందును, పైగా చేయి వణకును. ఇరువది, ముప్పది రెట్లయినచో హాయిగా కానవచ్చును. ద్వారము విడదీసినదానిని కంటి హద్దునకు మించునట్లు చేయుటయే పెద్దదిచేయుటలోని ప్రయోజనము.

తలక్రిందులైన పొరపాటు అంగళ్లలో కానవచ్చును. 60 మిల్లీమీటర్ల కటకము గల పరికరపు పెట్టెపై "ఐదు వందల రెట్లు" అని అచ్చువేసి పాఠశాలలకు అంటగట్టుదురు. ఆ కటకపు హద్దు 2.3 వికళలు. ఐదువందల రెట్లు చేసినచో నక్షత్రపు బిళ్ల దాదాపు పూర్ణచంద్రబింబమంత మసక ముద్దయగును గాని క్రొత్త వివరమొక్కటియు రాదు. కొనదలచినవారు రెట్లను అడుగక మిల్లీమీటర్లను అడుగవలెను. ఇట్టి కటకమునకు నూటయిరువది రెట్లు దాటుట వ్యర్థము.

వసిష్ఠుని జంటలో పెద్దది మరల రెండు. 1889లో పికరింగ్ దాని వర్ణపటములోని రేఖలు ఒకప్పుడు రెండుగా చీలి మరల కలియుట చూచి యీ సంగతి వెల్లడించెను. ఆ రెండును ఇరువది దినముల పైచిల్లరకు ఒక చుట్టు తిరుగును. ఎడము వికళలో నూరవ వంతు. 138ని ఆ నూరవ వంతుతో భాగించినచో దాదాపు 14 మీటర్ల దర్పణము కావలెను. 1920ల దశకమున మౌంట్ విల్సన్‌లో నున్నది రెండున్నర మీటర్ల దర్పణము. పైగా గాలి కదలికవలన ఆకాశమే ప్రతిబింబమును ఒక వికళ మేరకు కలచివేయుచుండును. అచ్చటివారు దూరదర్శినిపై ఆరు మీటర్ల దూలమును బిగించి, దాని రెండు కొనలనుండి వచ్చు వెలుగులను కలిపి, ఏర్పడు చారలు ఎప్పుడు మాయమగునో చూచి ఆ యెడమును కొలిచిరి. నడుమ అద్దము లేకున్నను కొనల ఎడమే పని చేసినది. 1990ల దశకమున అరిజోనాలో ఇదే పద్ధతిని ఇంకను విస్తరించి ఆ రెండు నక్షత్రముల చిత్రమునే తీసిరి.

అరుంధతి మాత్రము ఒంటరియని చాలకాలము తలచిరి. 2009లో ఆమె ప్రక్కను, ఒక వికళకు కొంచెము మించిన ఎడమున, మసకయైన ఎర్రని చిన్న నక్షత్రమొకటి కనబడినది. మన సూత్రము ప్రకారము 125 మిల్లీమీటర్ల కటకము ఆ యెడమును విడదీయవలెను. కాని సూత్రము సమానమైన వెలుగు గల జంటలకు చెప్పినది. ఇచ్చట ఒకటి దివిటీ, ఒకటి మిణుగురు. అందుచేత పాలోమర్ కొండమీది ఐదు మీటర్ల దర్పణమును, గాలి కదలికను క్షణక్షణము సరిదిద్దు యంత్రమును, అరుంధతి వెలుగును అడ్డగించు మరుగును కలిసినగాని ఆ మిణుగురు బయటపడలేదు.