కాగితాలు అడిగే ముందు కారణం చెప్పాలి

ఇంగ్లాండులో మాకు రెండు గదుల ఫ్లాట్ ఒకటి ఉంది. ఏజెంటు చేతిలో పెట్టకుండా ఎనిమిదేళ్లుగా నేనే అద్దెకిస్తున్నాను. బాయిలర్ బాగు చేయించడం, గోడలకు రంగు వేయించడం నాకు పెద్ద పనులనిపించవు. అద్దెకు వస్తామన్నవాళ్లను, అందులోనూ మన తెలుగువాళ్లను, కాగితాలు అడగడమే ఇబ్బంది. మన ఊళ్లో "ఎవరి తాలూకమ్మా?" అని అడిగితే సగం విచారణ అయిపోతుంది. ఇక్కడ "ఆంటీ" అంటూ ఇంట్లో పిల్లలా కూర్చున్న అమ్మాయిని పే స్లిప్పులు చూపించమనాలంటే నోరు రాదు.

కానీ అడక్క తప్పదు. ఇంగ్లాండులో 2016 ఫిబ్రవరి నుంచి, ఇంట్లో ఉండబోయే 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఇక్కడ అద్దెకు ఉండే హక్కు ఉందో లేదో ఇంటి యజమానే చూడాలి. స్కాట్లాండులో, వేల్స్‌లో ఈ నియమం లేదు. చూడకుండా ఇల్లిచ్చి, ఉన్నవాళ్లకు ఆ హక్కు లేదని తేలితే మొదటిసారికే మనిషికి 10,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. అలాగని విదేశీయుల్లా కనిపించేవాళ్లను మాత్రమే అడిగితే అది వివక్ష, అదీ చట్టవిరుద్ధమే. కాబట్టి అందరినీ, ఒకే తీరుగా అడగాలి. ఇబ్బంది తగ్గించే దారి కూడా నాకు ఇందులోనే దొరికింది.

పోయిన సంవత్సరం ఫ్లాట్ ఖాళీ అయినప్పుడు ఇద్దరు ఆసక్తి చూపించారు. ఒకరు ఇంగ్లీషు స్కూలు టీచరు. రెండోవారు మన తెలుగు జంట. అమ్మాయికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అబ్బాయి ఆమె వీసా మీద వచ్చాడు. వాళ్లను పంపింది మా స్నేహితురాలే. ఇల్లు చూసి వెళ్లిన సాయంత్రం ఇద్దరికీ ఒకే మెసేజి పెట్టాను. టీచరుకు ఇంగ్లీషులో, వీళ్లకు తెలుగులో, విషయం మాత్రం ఒక్కటే:

"ఇల్లు నచ్చినందుకు సంతోషం. అద్దెకు అడిగే అందరికీ ఈ మెసేజే పంపుతాను. మొదటిది, నెలకు 1,450 పౌండ్లు కట్టడం మీకు భారం కాదని తెలియడానికి ఉద్యోగానికి సంబంధించిన ఆధారం కావాలి. ఇది నా అవసరం. రెండోది, ఇల్లు ఖాయమైతే అద్దె హక్కు పరిశీలన. ఇది చట్టం. ఏ కాగితం ఎందుకో అనుమానం వస్తే అడగండి. నా పేరు మీద ఇల్లున్నట్టు ఆధారం మీకు కావాలంటే నేనూ చూపిస్తాను."

ఆ చివరి వాక్యం మర్యాద కోసం రాసింది కాదు. తమది కాని ఇళ్లు చూపించి అడ్వాన్సు పట్టుకుపోయే మోసగాళ్లు ఇక్కడా ఉన్నారు. కొత్తగా వచ్చిన పిల్లలకు నా మీద నమ్మకం ఎందుకుండాలి?

మర్నాడు స్నేహితురాలు ఫోన్ చేసింది. "ఏంటి వదినా, మా పిల్లనే కాగితాలు అడిగావట?" అంది. "టీచరమ్మకూ అదే మెసేజి వెళ్లింది వదినా. మీ పిల్లను వదిలేసి ఆవిణ్ణి అడిగితే తప్పు, ఆవిణ్ణి వదిలేసి మీ పిల్లను అడిగితే ఇంకా తప్పు" అన్నాను. కాసేపాగి, "అవునులే, నీ చేతుల్లో లేనిది" అంది. ఒకవేళ ఒక్కరినే అడిగి ఉంటే నా దగ్గర ఆ జవాబు ఉండేది కాదు.

ఉద్యోగ ఆధారంగా మామూలుగా మూడు నెలల పే స్లిప్పులు అడుగుతారు. ఈ అమ్మాయి కంపెనీ మారి రెండు నెలలే అయింది, చేతిలో ఉన్నది ఒక్క స్లిప్పు. "ఆంటీ, పాత కంపెనీవి పంపనా, బ్యాంకు స్టేట్‌మెంటు మొత్తం పంపనా?" అని కంగారుపడింది. మొత్తం వద్దన్నాను. ఎవరు ఎక్కడ కూరగాయలు కొన్నారో, ఊరికి ఎంత పంపారో నాకెందుకు? ఆఫర్ లెటర్, ఆ ఒక్క స్లిప్పు, స్టేట్‌మెంటులో జీతం పడిన వరుస చాలన్నాను. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, ఖాతా నంబరు కొట్టేసి పంపమన్నాను.

చూడాల్సింది కొంచెమే. స్లిప్పులో చేతికొచ్చిన జీతం, బ్యాంకులో పడిన మొత్తం ఒకటేనా? ఆఫర్ లెటర్లో కంపెనీ పేరు, స్లిప్పు మీద పేరు ఒకటేనా? ఏడాది జీతం నెల అద్దెకు 30 రెట్లు ఉండాలన్నది ఇక్కడ చాలామంది ఏజెంట్లు వాడే లెక్క. 1,450కి అది 43,500. ఆమె జీతం 46,000, అబ్బాయి ఉద్యోగం లేకపోయినా సరిపోయింది. కంపెనీకి నేను నేరుగా ఫోన్ చేయలేదు. కొత్త ఉద్యోగంలో ఇంటావిడ ఫోన్ చేసి ఆరా తీస్తే ఆ పిల్లకు చిన్నతనం. ఆమే హెచ్‌ఆర్‌కు రాసి, జవాబు నాకు వచ్చేలా చేసింది. అది కంపెనీ సొంత ఈమెయిలు అడ్రసు నుంచి వచ్చిందా అని మాత్రం చూసుకున్నాను. ఎవరైనా తెరుచుకోగల ఉచిత ఈమెయిలు నుంచి వచ్చి ఉంటే ఇంకో ఆధారం అడిగేదాన్ని.

టీచరు రెండు నెలల తర్వాత గానీ రాలేనంది. అలా ఇల్లు ఈ జంటకు ఖాయమైంది. అప్పుడే రెండో భాగానికి వచ్చాను. వీసాకు గడువున్నవాళ్ల విషయంలో ఈ పరిశీలన అద్దె మొదలయ్యే ముందు 28 రోజుల్లోపే చేయాలి. అందుకని ముందుగా అడిగి దాచుకున్నా లాభం లేదు.

అబ్బాయి వెంటనే తన రెసిడెన్స్ పర్మిట్ కార్డు ఫోటో వాట్సాప్‌లో పెట్టేశాడు. 2022 ఏప్రిల్ నుంచి ఆ కార్డు చూసి పరిశీలన చేయడం కుదరదు. ఇప్పుడు కావాల్సింది షేర్ కోడ్. వాళ్లే తమ ఆన్‌లైన్ ఖాతాలోకి వెళ్లి, అద్దె కోసమని ఎంచుకుంటే తొమ్మిది అక్షరాలూ అంకెల కోడ్ వస్తుంది, అది R తో మొదలవుతుంది. W తో మొదలైతే అది ఉద్యోగానికి తీసుకున్నది, నాకు పనికిరాదు. కోడ్, పుట్టిన తేదీ ఇస్తే GOV.UK లో యజమానుల పేజీలో నేనే చూడాలి. వాళ్లు తీసి పంపిన స్క్రీన్‌షాట్ చెల్లదు.

"అందులో మా వివరాలన్నీ కనిపిస్తాయా ఆంటీ?" అని అడిగిందా అమ్మాయి. వీడియో కాల్లో వాళ్లు చూస్తుండగానే పేజీ తెరిచి, ఏముందో చదివి వినిపించాను. ఫోటో, పేరు, అద్దెకు ఉండవచ్చా, ఉంటే ఎప్పటి దాకా. జీతం ఊసే లేదు. ఫోటోలో ఉన్నది ఎదురుగా ఉన్న మనిషేనా అని చూడటం కూడా నియమమే, అది ఆ కాల్లోనే అయిపోయింది. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఈ కోడ్ ఉండదు. వాళ్ల ఎదుటే అసలు పాస్‌పోర్టు చూసి, నకలు మీద తేదీ వేసుకుంటాను.

ఇద్దరి వీసాకూ 14 నెలల గడువుంది. అది ముగిసేలోపు మళ్లీ కోడ్ అడుగుతానని ఆ రోజే చెప్పేశాను. ముందే చెబితే అది తేదీ గుర్తు చేయడం. చెప్పకుండా ఏడాది తర్వాత అడిగితే "ఇప్పుడేమైంది ఈవిడకు?" అనిపిస్తుంది.

అద్దె హక్కు పేజీ నకలు వాళ్లు ఉన్నంత కాలం, ఖాళీ చేశాక ఇంకో ఏడాది ఉంచాలి. టీచరు పంపిన పే స్లిప్పులు మాత్రం ఇల్లు ఖాయమైన రోజే తీసేసి, తీసేశానని ఆవిడకు ఒక ముక్క రాశాను. ఇంతకు ముందు ఏ ఇంటివాళ్లూ తనకలా చెప్పలేదని జవాబిచ్చింది.